లింకు ఎక్కడ తెగిందో చూపించాలి: సాందర్భిక సాక్ష్యం మీద క్రిమినల్ అప్పీలు మూట్‌కి ఎలా తయారవ్వాలి

కళ్లారా చూసినవాళ్లు లేకుండా, చుట్టూ ఉన్న పరిస్థితులనే ఒకదానికొకటి కలిపి నేరం రుజువు చేసేది సాందర్భిక సాక్ష్యం. అలాంటి కేసులో, మూట్ కోర్టులో అప్పీలుదారు వైపు నిలబడిన టీములు ఎక్కువగా చేసే పని ఒకటుంది. "సాక్ష్యాల గొలుసు పూర్తి కాలేదు, అందుకే శిక్ష చెల్లదు" అంటారు. వెంటనే జడ్జిగారు "ఎక్కడ పూర్తి కాలేదమ్మా?" అని అడుగుతారు. అక్కడ ఆగిపోతారు, లేకపోతే తీర్పుల పేర్లు చదువుతారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు లా చదివే పిల్లలకి నేను పదే పదే చెప్పేది ఇదే. గొలుసు తెగిందని చెప్తే చాలదు. ఏ రెండు లింకుల మధ్య తెగిందో, రికార్డులో ఏ పేజీ చూస్తే అది తెలుస్తుందో, ఆ ఖాళీలో ముద్దాయికి సంబంధం లేని సంగతి ఏది పట్టగలదో, ఈ మూడూ చెప్పాలి. ఈ వ్యాసమంతా ఆ మూడు చెప్పడం ఎలాగన్నదే.

సాధన కోసం నేను తయారుచేసిన ఒక మూట్ ప్రాబ్లం తీసుకుందాం. ఇది నిజంగా జరిగిన కేసు కాదు. కానీ మన డెల్టాలో ఉండే మనుషులు, కాలువలు, చెరువులే ఇందులోనూ ఉంటాయి.

ప్రాబ్లం

ఇద్దరు కలిసి ఒక రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నారు. 2024 అక్టోబర్ 14 రాత్రి ఏడున్నరకి వాళ్లిద్దరూ ఒకే మోటార్ సైకిల్ మీద కాలువ గట్టు రోడ్డున వెళ్లడం టీ కొట్టు ఆయన చూశాడు. ఆయన పీ.డబ్ల్యూ.2. పోలీసులు ఆయన స్టేట్‌మెంటు రాసుకున్నది 21న. 16న భార్య, అంటే పీ.డబ్ల్యూ.1, మనిషి కనబడటం లేదని ఫిర్యాదు ఇచ్చింది. 17 పొద్దున్న ఆరింటికి, దిగువన ఉన్న లాకుల తలుపులకి శవం ఆనుకుని కనిపించింది. అదేరోజు మధ్యాహ్నం రెండింటికి పోస్ట్‌మార్టం జరిగింది. తల వెనుక ఎముక విరిగింది, ఆ దెబ్బే మరణకారణం, మరణం 48 నుంచి 72 గంటల ముందు జరిగి ఉండొచ్చు అని డాక్టరు చెప్పారు. క్రాస్‌లో మాత్రం, తూము రాతికట్టడానికి తల గట్టిగా తగిలినా అలాంటి దెబ్బ తగలొచ్చని ఒప్పుకున్నారు.

22న రెండో భాగస్వామిని అరెస్టు చేశారు. అతను చెప్పాడంటూ చెరువు గట్టు మీది షెడ్డులోంచి ఒక ఇనుప రాడ్డు పట్టుకున్నారు. అదే ఎం.ఓ.1. దాని మీద మనిషి రక్తం ఉందనీ, గ్రూపు తేలలేదనీ ఎఫ్.ఎస్.ఎల్. రిపోర్టు. షెడ్డుకి తలుపు లేదు, మేత వేసేవాళ్లు, కాపలా వాళ్లు, కరెంటు పని చేసేవాళ్లు వచ్చిపోతుంటారు. పైగా 18వ తేదీనే దర్యాప్తు అధికారి అక్కడికి వెళ్లి అబ్జర్వేషన్ రిపోర్టు రాశారు. మేత బిల్లు దగ్గర ఇద్దరికీ గొడవ ఉందని భార్య చెప్పింది కానీ, లెక్కల పుస్తకం ఎవరూ కోర్టులో పెట్టలేదు. ముద్దాయిని కోర్టు అడిగినప్పుడు, "ఎనిమిదింటికి పంటు రేవు దగ్గర దింపి ఇంటికి వెళ్లిపోయాను" అన్నాడు. దానికి సాక్షిని తేలేదు.

సెషన్స్ కోర్టు భారతీయ న్యాయ సంహిత 103(1), 238 సెక్షన్ల కింద దోషి అని చెప్పి యావజ్జీవం వేసింది. అప్పీలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీ.ఎన్.ఎస్.ఎస్., 415 కింద హైకోర్టుకి వచ్చింది. మీరు అప్పీలుదారు వైపు.

మొదటి పని: తీర్పు పక్కన పెట్టి సాక్ష్యం చదవండి

తీర్పుతో మొదలుపెడితే, సెషన్స్ జడ్జిగారు అల్లిన కథలోంచే మీరూ కేసుని చూస్తారు. అందుకని ముందు సాక్షుల చీఫ్, క్రాస్ చదవండి, తర్వాత ఎగ్జిబిట్లు, ఆ తర్వాతే తీర్పు. చదువుతున్నప్పుడు ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో ప్రాసిక్యూషన్ ఆధారపడిన పరిస్థితి, ఒక్క వాక్యంలో. రెండో గడిలో దాన్ని ఎవరు, ఏ ఎగ్జిబిట్ రుజువు చేశారు. మూడో గడిలో, అది నిజమే అనుకున్నా దానివల్ల ఎంతవరకు తేలుతుంది.

ఉదాహరణకి మొదటి గడిలో "14న రాత్రి 7.30కి ఇద్దరూ కలిసి వెళ్లారు" అని రాయండి. రెండో గడిలో పీ.డబ్ల్యూ.2. మూడో గడిలో "7.30కి బతికి ఉన్నాడు, ముద్దాయి వెంట ఉన్నాడు. తర్వాత ఏం జరిగిందో తేలదు" అని. "ముద్దాయే చంపడానికి తీసుకెళ్లాడు" అని మొదటి గడిలో రాయకూడదు. అది పరిస్థితి కాదు, దాని మీద వేసుకున్న ఊహ. చాలా మెమోరియల్స్ దెబ్బతినేది ఇక్కడే. ప్రాసిక్యూషన్ ఊహని తమ చేత్తోనే వాస్తవంలా రాసి, తర్వాత దాన్ని కొట్టడానికి తంటాలు పడతారు.

ఈ కాగితం పూర్తయ్యాక ఖాళీలు రెండు రకాలుగా కనిపిస్తాయి. రెండో గడి బలహీనంగా ఉంటే, ఆ పరిస్థితే సరిగ్గా రుజువు కాలేదు. లెక్కల పుస్తకం లేని మేత బిల్లు గొడవ అలాంటిది. మూడో గడి బలహీనంగా ఉంటే, పరిస్థితి రుజువైనా అది తర్వాతి లింకుని అందుకోవడం లేదు. కలిసి వెళ్లడం అలాంటిది. ఈ రెంటినీ కలిపేసి వాదించకండి. మొదటి రకానికి సాక్షి మీద, దర్యాప్తు మీద వాదన. రెండో రకానికి సాక్షిని పూర్తిగా నమ్మి వాదించాలి. "టీ కొట్టు ఆయన అబద్ధం చెప్పాడు" అనే కన్నా "ఆయన చెప్పిందంతా నిజమే అనుకున్నా నా క్లయింటు దోషి అని తేలదు" అన్నది అప్పీలులో ఎంతో బలంగా నిలబడుతుంది. సాక్షిని కళ్లారా చూసింది సెషన్స్ జడ్జిగారు. మనిషి నమ్మదగ్గవాడా కాదా అన్న విషయంలో ఆయన అభిప్రాయాన్ని హైకోర్టు తేలిగ్గా తోసెయ్యదు.

చట్టం కొంచెమే తీసుకోండి, దాన్ని పూర్తిగా వాడండి

మూలం 1952 నాటి హనుమంత్ తీర్పు. దాన్ని ఐదు సూత్రాలుగా విడమరిచి చెప్పింది 1984లో శరద్ బిర్దీచంద్ శారద కేసులో సుప్రీంకోర్టు. దోషి అని తేల్చడానికి ఆధారమైన పరిస్థితులు పూర్తిగా రుజువవ్వాలి. అవి ముద్దాయి దోషి అన్న ఊహకే సరిపడాలి. అటే నిశ్చయంగా చూపాలి. మరే ఇతర ఊహకీ చోటివ్వకూడదు. గొలుసు ఎంత పూర్తిగా ఉండాలంటే, ముద్దాయి నిర్దోషి అనుకోవడానికి తగిన కారణం ఏదీ మిగలకూడదు. మన రాష్ట్రం నుంచే వెళ్లిన పడాల వీరారెడ్డి కేసులో 1989లో ఇదే పరీక్షని నాలుగు మాటల్లో చెప్పారు.

ఐదూ అప్పజెప్పక్కర్లేదు, బెంచికి అవి తెలుసు. మీ ఒక్కో ఖాళీ ఏ సూత్రం దగ్గర విఫలమైందో పక్కన రాసుకోండి. మేత బిల్లు గొడవ మొదటి సూత్రం దగ్గర పోతుంది, కలిసి కనిపించడం నాలుగో దాని దగ్గర. అలా వాడితే సూత్రం మీ చేతిలో పనిముట్టు అవుతుంది.

కలిసి కనిపించిన సమయం, చనిపోయిన సమయం

ఈ ప్రాబ్లం మొత్తంలో బంగారంలాంటి ఖాళీ ఇది. దీనికి ఎక్కువ టైమివ్వండి.

ఆఖరిసారి కలిసి కనిపించడం అన్న వాదన ఎప్పుడు పనికొస్తుందో 2005లో స్టేట్ ఆఫ్ యూ.పీ. వర్సెస్ సతీష్ కేసులో చెప్పారు. ఇద్దరూ కలిసి కనిపించిన క్షణానికీ, శవం దొరికిన క్షణానికీ మధ్య వ్యవధి చాలా తక్కువగా ఉండి, మధ్యలో ఇంకొకరు వచ్చి చేసుండే వీలే లేనప్పుడు. కన్హయ్యలాల్ కేసులో 2014లో ఇంకో మాట చెప్పారు. కలిసి కనిపించాడన్న ఒక్కదాని మీద, ముద్దాయికీ నేరానికీ సంబంధం కలిపే ఇంకేదో లేకుండా, శిక్ష నిలవదు.

ఇప్పుడు లెక్క చెయ్యండి, పెన్నూ పేపరూ పెట్టుకుని. పోస్ట్‌మార్టం 17న మధ్యాహ్నం రెండింటికి. అక్కడినుంచి 72 గంటలు వెనక్కి వెళ్తే 14 మధ్యాహ్నం రెండు. 48 గంటలు వెనక్కి వెళ్తే 15 మధ్యాహ్నం రెండు. 14 రాత్రి ఏడున్నరకి మనిషి బతికే ఉన్నాడని ప్రాసిక్యూషనే చెప్తోంది. అంటే మరణం 14 రాత్రి ఏడున్నర నుంచి 15 మధ్యాహ్నం రెండు దాకా ఎప్పుడైనా జరిగి ఉండొచ్చు. పద్దెనిమిదిన్నర గంటలు. శవం దొరికేసరికి ఇంకా ఎక్కువ, రెండున్నర రోజులు.

ఈ పద్దెనిమిదిన్నర గంటలు ఎక్కడ గడిచాయన్నది కూడా చెప్పాలి. కాలువ గట్టు రోడ్డు ఎవరి దొడ్డీ కాదు. రాత్రిపూట చెరువుల మీదకి కాపలాకి వెళ్లేవాళ్లు, తెల్లవారుజామున పట్టుబడికి వచ్చే కూలీలు, లారీలు అటే తిరుగుతారు. కానీ జాగ్రత్త. ఇది మీ ఊళ్లో మీకు తెలిసిన సంగతి. రికార్డులో ఎవరైనా చెప్పారా అని చూడండి. టీ కొట్టు ఆయన క్రాస్‌లో "ఆ రోడ్డు మీద రాత్రంతా బండ్లు తిరుగుతాయి" అని ఉంటేనే వాడండి. లేకపోతే "ఆ రోడ్డు ప్రజలు వాడేది కాదని ప్రాసిక్యూషన్ చూపలేదు" అన్నంతవరకే ఉండాలి. ప్రాబ్లంలో లేని వాస్తవం ఒక్కటి కలిపినా, ఎదుటి టీము పట్టుకుని మొత్తం మీద నమ్మకం పోగొడుతుంది.

ఇక్కడ తెలివైన స్టూడెంట్లు పడే గుంట ఒకటుంది. ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకం తీసి, నీళ్లలో శవం గాలిలో కన్నా నెమ్మదిగా కుళ్లుతుంది, కాబట్టి డాక్టరు చెప్పిన సమయం తప్పు అని వాదిస్తారు. విషయం నిజమే. కానీ అది ఎవరికి ఉపయోగమో చూడండి. నెమ్మదిగా కుళ్లితే, అంత కుళ్లడానికి ఎక్కువసేపు పట్టి ఉండాలి. అంటే మరణం ఇంకా ముందే జరిగి ఉండాలి, అంటే ఏడున్నరకి ఇంకా దగ్గరగా. మీరే ఖాళీని పూడ్చి ప్రాసిక్యూషన్ చేతికి ఇచ్చినట్టు. డాక్టరు చెప్పిన 48 నుంచి 72 గంటలే మీకు మేలు. దాన్ని ముట్టుకోకండి.

పిఠాపురం కేసు మీకు వ్యతిరేకంగా వస్తుంది, సిద్ధంగా ఉండండి

భార్య కోర్టులో ఇంకో మాట చెప్పిందనుకుందాం. ఆ సాయంత్రం భర్త ఫోన్ చేసి, "లెక్కలు తేల్చుకోవడానికి భాగస్వామితో వెళ్తున్నా" అన్నాడని. అప్పీలుదారు టీము వెంటనే "అది విని చెప్పే సాక్ష్యం, చెల్లదు" అంటుంది. అప్పుడు రెస్పాండెంట్ లేచి పాకల నారాయణస్వామి కేసు చదువుతారు. 1937 మార్చిలో పూరీ స్టేషన్లో, రైలు థర్డ్ క్లాస్ పెట్టెలో ఒక ఇనప్పెట్టెలో శవం దొరికింది. చనిపోయినాయన పిఠాపురం మనిషి. ఇంట్లోంచి బయల్దేరేముందు, ముద్దాయి భార్య రమ్మని ఉత్తరం రాసిందనీ, డబ్బు తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నాననీ తన భార్యతో చెప్పాడు. ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందని ప్రివీ కౌన్సిల్ 1939లో చెప్పింది. చావుకి దారితీసిన సంఘటనల క్రమంలో భాగమైన పరిస్థితి అయితే, చనిపోయినాయన ఆ మాట అన్నప్పుడు తనకి చావు వస్తుందని అనుకోవాల్సిన పనిలేదు. ఆ సూత్రం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్లో ఉంది.

అందుకని చెల్లదని వాదించకండి, ఓడిపోతారు. చెల్లుతుందని ఒప్పుకుని, నమ్మదగింది కాదని చూపండి. 16న ఆమె స్వయంగా ఇచ్చిన ఫిర్యాదు తియ్యండి. భర్త రెండురోజులుగా కనబడటం లేదని ఉంది. భాగస్వామి పేరుందా? భర్త ఫోన్ చేసి ఎవరితో వెళ్తున్నాడో చెప్పాడని ఉందా? మనిషి కనబడకపోతే, ఎవరితో వెళ్లాడన్నదే ఎవరైనా మొదట చెప్పే మాట. అది లేదు. ఆ ఫిర్యాదుని క్రాస్‌లో ఆమెకి చూపించి అడిగారా లేదా అన్నది మాత్రం ముందే చూసుకోండి. అడగకుండా వదిలేసి ఉంటే, "ఆమెకి వివరణ ఇచ్చే అవకాశమే ఇవ్వలేదు" అని బెంచి మిమ్మల్నే ఆపుతుంది.

ఇనుప రాడ్డు: ముద్దాయి చెప్పినదాంట్లో ఎంత చెల్లుతుంది

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. ముద్దాయి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా బయటపడితే, ఆ సమాచారంలో దానికి నేరుగా సంబంధించిన ముక్క మాత్రం చెల్లుతుంది. పాత చట్టంలో ఇది 27వ సెక్షన్, ఇప్పుడు సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ మినహాయింపు. దీని హద్దు గీసిన తీర్పు కూడా తెలుగునేల నుంచి వెళ్లిందే, గుంటూరు జిల్లా నుంచి. 1947 నాటి పులుకూరి కొట్టయ్య కేసు. బయటపడిన వాస్తవం అంటే వస్తువొక్కటే కాదు, అది దొరికిన చోటు, అది అక్కడుందని ముద్దాయికి తెలిసి ఉండటం. "ఫలానా మనిషిని పొడిచిన కత్తి" అంటే, పొడిచిన అన్న ముక్క చెల్లదు. ఆ మాట వల్ల బయటపడింది కత్తి ఉన్న చోటే గానీ పొడవడం కాదు.

దీన్ని మన రాడ్డుకి పెట్టి చూడండి. ముందుగా, ముద్దాయి అన్న మాటలు మధ్యవర్తుల నివేదికలో ఉన్నాయా? దర్యాప్తు అధికారి కోర్టులో ఆ మాటల్ని ముద్దాయి అన్నది అన్నట్టే చెప్పారా, లేక "ముద్దాయి చెప్పగా రాడ్డు స్వాధీనం చేసుకున్నాం" అని ముగించారా? 2022లో రామానంద్ కేసులో, సుబ్రమణ్య కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ విషయం మీదే ఆగింది. ముద్దాయి ఏమన్నాడో రుజువు కాకపోతే, ఆ పట్టుబడిని అతని తెలివిడితో ముడిపెట్టలేం. మధ్యవర్తులు ఇద్దరి సాక్ష్యమూ చదవండి. స్టేషన్లో సంతకం పెట్టానని ఒక్కరన్నా అంటే అది మీకు ముఖ్యమైన పేజీ.

ఆ తర్వాత చోటు. తలుపు లేని షెడ్డు, పదిమంది తిరిగేది. అంతకన్నా పెద్ద సంగతి, 18న అదే అధికారి అక్కడికెళ్లి రిపోర్టు రాశారు. అందులో రాడ్డు లేదు. అయితే రెండే మార్గాలు. అప్పుడు అక్కడ లేదు, అంటే తర్వాత ఎవరో పెట్టారు. లేదా అప్పుడూ ఉంది, కళ్లెదుటే ఉంది, అంటే 22న కొత్తగా బయటపడిందేమీ లేదు. రెండు మార్గాలూ ప్రాసిక్యూషన్‌ని ఇబ్బంది పెట్టేవే. ఈ రెంటినీ బెంచి ముందు పెట్టి, ఒక్క క్షణం ఆగండి. "మేత బస్తాల వెనక దాచి ఉంటే 18న కనబడక పోవచ్చుగా?" అని జడ్జిగారు అడగొచ్చు. "దాచిన చోటు గురించి నివేదికలో ఏముందో అదే చదువుతాను మిలార్డ్" అని చదవండి. షెడ్డు మూల అని మాత్రమే ఉంటే, దాచినట్టు రికార్డులో లేదు.

రక్తం గురించి ఒక హద్దు పెట్టుకోండి. గ్రూపు తేలలేదు కాబట్టి రాడ్డు మొత్తం పనికిరాదని గట్టిగా అనకండి. అది బలహీనమైన లింకు, అంతే. మనిషి రక్తమే కానీ ఆ మనిషిదని రుజువు లేదు, పైగా ఆ దెబ్బ రాతికి తగిలినా రావొచ్చని డాక్టరే ఒప్పుకున్నారు, అంటే చాలు. డాక్టరు ఒప్పుకోలుని నేను ఇక్కడ వాడమంటాను, మొదటి వాదనగా కాదు. ఇది హత్యే కాదు, ప్రమాదం అని మొదలుపెట్టి అది నిలబడకపోతే, తర్వాత ఏం చెప్పినా వెనక్కి తగ్గుతున్నట్టు వినిపిస్తుంది.

రేవు దగ్గర దింపాను అన్న జవాబు

సెషన్స్ తీర్పు అసలు నిలబడింది దీని మీద. తన వెంట ఉన్న మనిషి ఏమయ్యాడో ముద్దాయికే తెలుసు, రేవు దగ్గర దింపానన్నది రుజువు చెయ్యలేదు, కాబట్టి అతనే దోషి. సాక్ష్య అధినియమం 109, పాత 106 సెక్షన్.

మీ జవాబు వరుసగా ఉండాలి. 1956లో శంభునాథ్ మెహ్రా కేసు చెప్పింది ఏమిటంటే, ఈ సెక్షన్ ప్రాసిక్యూషన్ మీదున్న భారాన్ని దించదు. ముందు వాళ్లు రుజువు చెయ్యాల్సింది చేశాకే ముద్దాయి వివరణ దగ్గరకి వస్తాం. ఇక్కడ మరణ సమయంలో ఇద్దరూ కలిసి ఉన్నారన్నదే రుజువు కాలేదు. రెస్పాండెంట్ 2006 నాటి త్రిముఖ్ మారుతీ కిర్కన్ చదువుతారు. అది ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన మరణం. బయటివాళ్లు చూసే వీల్లేని చోటు కాబట్టి అక్కడ ఉన్నవాళ్లే చెప్పాలన్నారు. కాలువ గట్టు ఇల్లు కాదు. ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లండి.

అబద్ధపు జవాబు గురించి శారద తీర్పులోనే ఉంది. గొలుసు వేరే సాక్ష్యాలతో పూర్తయ్యాక దాన్ని అదనపు లింకుగా తీసుకోవచ్చు, తెగిన చోట అతికించడానికి వాడకూడదు. ఇంకో సంగతి. రుజువు కాని జవాబు, అబద్ధమని తేలిన జవాబు ఒకటి కావు. పంటు నడిపేవాళ్లని పోలీసులు విచారించారా? విచారించి "ఆ రాత్రి దిగలేదు" అని వాళ్లతో చెప్పిస్తే అది అబద్ధమవుతుంది. అసలు అడగనే లేదు.

ఇక్కడే బీ.ఎన్.ఎస్.ఎస్. 351, పాత 313 కింద కోర్టు వేసిన ప్రశ్నలన్నీ చదవండి. మూట్ ప్రాబ్లం తయారుచేసేవాళ్లు తరచుగా ఇక్కడే ఒకటి దాస్తారు. రాడ్డు మీద రక్తం ఉందన్న ఎఫ్.ఎస్.ఎల్. రిపోర్టు ముద్దాయికి చెప్పి జవాబు అడిగారా? అడగకపోతే ఆ పరిస్థితిని అతని మీద వాడకూడదని కూడా శారద తీర్పే చెప్పింది. అయితే ప్రశ్న వేయనందువల్ల ముద్దాయికి ఏం నష్టం జరిగిందో బెంచి అడుగుతుంది, దానికి మాట సిద్ధంగా పెట్టుకోండి.

మెమోరియల్లో, బెంచి ముందు

మెమోరియల్లో వాదనల శీర్షికలు చదివితేనే మీ కేసు తెలియాలి. "సాందర్భిక సాక్ష్యం సరిపోదు" అని కాకుండా "14 రాత్రి 7.30 నుంచి 15 మధ్యాహ్నం 2 దాకా అప్పీలుదారు మృతుడితో ఉన్నట్టు ఏ సాక్ష్యమూ లేదు" అని పెట్టండి. ప్రతి ఖాళీ కింద సాక్షి నంబరు, పేరా నంబరు ఇవ్వండి. రాసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మీ స్నేహితుణ్ణి రెస్పాండెంట్‌గా కూర్చోబెట్టి ఒక్కో శీర్షికా చదవండి. అతను పేజీ నంబరు చూపించి జవాబు చెప్పగలిగితే అది ఖాళీ కాదు, తీసెయ్యండి. "అలా కూడా జరిగి ఉండొచ్చుగా" అని మాత్రమే అనగలిగితే అది నిలుస్తుంది. జరిగి ఉండొచ్చు, జరిగి తీరాలి అన్న రెంటికీ మధ్య చాలా దూరముందని 1973లో శివాజీ సాహెబ్‌రావు బోబడే తీర్పులో చెప్పింది సరిగ్గా ఈ సందర్భానికే.

ఓరల్ రౌండులో సగం టైము సమయాల ఖాళీకే ఇవ్వండి. మిగతాది రాడ్డుకీ, 109కీ. గొడవ గురించి అర నిమిషం చాలు. లెక్కల పుస్తకం లేదు, ఉద్దేశం రుజువు కాలేదు, సాందర్భిక సాక్ష్యం కేసులో అది ముద్దాయికి అనుకూలంగా తూగే సంగతి అని చెప్పి ఆపండి. టీ కొట్టు ఆయన స్టేట్‌మెంటు నాలుగురోజులు ఆలస్యమైందన్నది పెద్దది చెయ్యకండి. శవం దొరికాక ఆ నాలుగురోజుల ఆలస్యానికి దర్యాప్తు అధికారిని క్రాస్‌లో కారణం అడిగి ఉంటే ప్రస్తావించండి, లేకపోతే వదిలెయ్యండి.

తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది: "విడివిడిగా బలహీనమైనా, అన్నీ కలిపి చూస్తే మీ క్లయింటు తప్ప ఇంకెవరున్నారు?" దీనికి టెన్షన్ పడి ఇంకొకరి మీద అనుమానం సృష్టించకండి. ఇలా చెప్పండి: "కలిపి చూడాల్సింది రుజువైన పరిస్థితుల్ని మిలార్డ్. రుజువైనవి రెండే. ఏడున్నరకి కలిసి వెళ్లారు, మూడోరోజు పొద్దున్న శవం లాకుల దగ్గర దొరికింది. ఈ రెంటి మధ్య ఏం జరిగిందో ప్రాసిక్యూషన్ చెప్పాలి. ఇంకెవరు చేశారో చెప్పే బాధ్యత అప్పీలుదారు మీద లేదు."

"చిన్న చిన్న లోపాలకి హంతకుణ్ణి వదిలెయ్యాలా?" అని కూడా అడుగుతారు. లోపం చిన్నదా పెద్దదా అన్నది దర్యాప్తు ఎలా జరిగిందన్నదాన్ని బట్టి తేలదు, ఆ లోపం ఏ లింకు దగ్గరుందో దాన్నిబట్టి తేలుతుంది అని చెప్పండి. రిపోర్టులో ఒక తేదీ తప్పు పడితే అది చిన్నది. పద్దెనిమిదిన్నర గంటలకి సాక్ష్యం లేకపోవడం చిన్నది కాదు.

చివరికి ప్రార్థన. బీ.ఎన్.ఎస్.ఎస్. 427 కింద శిక్షనీ, దోషిగా తేల్చిన నిర్ణయాన్నీ రద్దు చేసి విడుదల చెయ్యమనండి, జరిమానా కట్టి ఉంటే తిరిగి ఇప్పించమనండి, వేరే కేసులో అవసరం లేకపోతే వెంటనే వదిలెయ్యమనండి. 238 సెక్షన్‌ని విడిగా ప్రస్తావించడం మర్చిపోకండి. శవాన్ని కాలువలో వేసింది ఎవరన్నదానికీ సాక్ష్యం లేదు, కాబట్టి అదీ నిలవదు. కొన్ని టీములు ప్రత్యామ్నాయంగా హత్య కాని నేరపూరిత నరహత్యకి తగ్గించమని అడుగుతాయి. ఈ కేసులో అడగొద్దనే నేను చెప్తాను. అతను అక్కడ లేనేలేడని ఇరవై నిమిషాలు వాదించి, ఆఖర్న కొట్టినా చంపాలని కొట్టలేదు అంటే, ముందు చెప్పినదంతా బెంచి మళ్లీ అనుమానంగా చూడటం మొదలుపెడుతుంది. కేసు తిరిగి విచారణకి పంపమని కూడా అడగకండి. ప్రాసిక్యూషన్ వదిలేసిన ఖాళీలు పూడ్చుకోవడానికి మీరే వాళ్లకి ఇంకో అవకాశం ఇచ్చినట్టవుతుంది.